జాయిన్ బటన్ ఒకటే, కౌంటర్లు వేరు: క్రియేటర్ సబ్‌స్క్రిప్షన్‌లో డబ్బు ఎవరి దగ్గర కడుతున్నారో చూసుకోండి

జూన్ 6 సాయంత్రం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ రెండో సంవత్సరం, వీడియో ఎడిటింగ్ అంటే పిచ్చి. "అన్నా, ఆ క్రియేటర్ నన్ను మోసం చేశాడు" అని మొదలుపెట్టాడు. వాడు మార్చి 5న ఒక ఎడిటింగ్ క్రియేటర్‌కి నెలకి ₹499 సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాడు. సబ్‌స్క్రైబర్లకి మాత్రమే ఇచ్చే ప్రాజెక్ట్ ఫైల్స్, పాఠాలు చూశాడు. రెండు వారాల్లో తనకి కావాల్సింది అయిపోయింది, యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. వాడి దృష్టిలో అక్కడితో కథ ముగిసింది. కానీ ఏప్రిల్ 5న ₹499, మే 5న ₹499, జూన్ 5న ఇంకో ₹499 కట్ అయ్యాయి. మూడోది కట్ అయ్యాక గానీ వాడు గమనించలేదు.

క్రియేటర్‌కి మెసేజ్ పెడితే మర్యాదగానే జవాబు వచ్చింది: "సారీ బ్రో, మీ పేమెంట్ నా దగ్గర లేదు, నేను రిఫండ్ ఇవ్వలేను." మావాడికి అది సాకులా అనిపించింది. "డబ్బులు తీసుకున్నది ఆయనే కదా, ఆయన దగ్గర లేకపోవడం ఏంటి?" అన్నాడు.

నిజం ఏంటంటే ఆ క్రియేటర్ చెప్పింది అక్షరాలా కరెక్ట్. యాప్ పేరు, స్టోర్ పేరు ఇక్కడ అనవసరం, ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. మనం "జాయిన్" నొక్కేటప్పుడు ఎవరికి సపోర్ట్ చేస్తున్నామో చూస్తాం కానీ, ఎవరి కౌంటర్‌లో డబ్బు కడుతున్నామో చూడం. ధర ఎంత, ఎక్కడ క్యాన్సిల్ చేయాలి, రిఫండ్ ఎవరిని అడగాలి, ఈ మూడూ తేలేది ఆ కౌంటర్ దగ్గరే. ఈ సంగతిని బటన్ పక్కనే రాయకపోవడం ప్లాట్‌ఫామ్‌ల తప్పు అని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్తాను.

ఒకే క్రియేటర్, మూడు కౌంటర్లు

ఒక క్రియేటర్‌కి మీరు మామూలుగా మూడు దారుల్లో డబ్బు కట్టొచ్చు. ఒకటి, బ్రౌజర్‌లో ఆ ప్లాట్‌ఫామ్ వెబ్‌సైట్‌కి వెళ్లి కార్డుతోనో, అక్కడ ఉంటే యూపీఐతోనో కట్టడం. అప్పుడు మీ బిల్లు ప్లాట్‌ఫామ్ దగ్గర ఉంటుంది. రెండోది, ఐఫోన్ యాప్‌లో బటన్ నొక్కి యాపిల్ బిల్లింగ్ ద్వారా కట్టడం. అప్పుడు బిల్లు యాపిల్ దగ్గర ఉంటుంది. మూడోది, ఆండ్రాయిడ్ యాప్‌లో గూగుల్ ప్లే బిల్లింగ్ ద్వారా కట్టడం. అప్పుడు బిల్లు గూగుల్ దగ్గర ఉంటుంది.

ఏ దారిలో కట్టినా లోపల మీకు కనిపించేది ఒకటే. అవే లాక్ పోస్టులు, అవే వీడియోలు, అదే బ్యాడ్జ్. అందుకే తేడా తెలీదు. యూట్యూబ్ ఛానల్ మెంబర్‌షిప్ తీసుకోండి. మెంబర్స్ ఓన్లీ వీడియోలు, పోస్టులు, లైవ్‌లు వెబ్‌లో జాయిన్ అయిన వాళ్లకీ, ఐఫోన్‌లో జాయిన్ అయిన వాళ్లకీ ఒకేలా తెరుచుకుంటాయి. కానీ ఐఫోన్ యాప్‌లో యాపిల్ ద్వారా కట్టిన వాళ్లు క్యాన్సిల్ చేయాలన్నా, రిఫండ్ అడగాలన్నా యాపిల్ దగ్గరికే వెళ్లాలి.

ఇప్పటికే సబ్‌స్క్రైబ్ అయి ఉంటే, ఏ కౌంటర్‌లో కట్టారో ఎలా తెలుస్తుంది? మొదటిసారి డబ్బు కట్ అయిన రోజు మీకు వచ్చిన రసీదు మెయిల్ వెతకండి. అది యాపిల్ నుంచి వచ్చిందా, గూగుల్ ప్లే నుంచి వచ్చిందా, నేరుగా ప్లాట్‌ఫామ్ నుంచి వచ్చిందా చూడండి. మెయిల్ దొరక్కపోతే బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడండి. కార్డు స్టేట్‌మెంట్లలో యాపిల్ అయితే `APPLE.COM/BILL` అని, గూగుల్ అయితే `GOOGLE` అనే మాటతో మొదలయ్యే పేరు కనిపిస్తుంది. క్రియేటర్ పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. మావాడు మూడు నెలలు గమనించకపోవడానికి అది కూడా ఒక కారణం. స్టేట్‌మెంట్‌లో ఉన్న పేరు చూసి ఏదో స్టోరేజ్ ప్లాన్ అనుకున్నాడు.

₹349 ఎలా ₹499 అయింది

ఆ రోజు వాడి పక్కన కూర్చుని అదే క్రియేటర్ పేజీని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో తెరిచాను. అదే టియర్, అవే లాభాలు. ధర ₹349. యాప్‌లో ₹499. "ఇది కూడా మోసమేనా?" అని అడిగాడు. కాదు, ఇది లెక్క.

స్టోర్ 30 శాతం కమీషన్ తీసుకుంటుంది అనుకోండి. పన్నులు పక్కన పెట్టి చూస్తే, ₹349 ధరకే యాప్‌లో అమ్మితే స్టోర్ ₹105 దాకా ఉంచుకుని ₹244 ఇస్తుంది. ఆ ₹244 లోంచి ప్లాట్‌ఫామ్ తన వాటా తీసుకోవాలి, మిగిలింది క్రియేటర్‌కి. క్రియేటర్ నష్టపోకూడదంటే ధరని 0.7తో భాగించాలి. 349ని 0.7తో భాగిస్తే సుమారు 499 వస్తుంది. అంటే యాప్‌లో ₹499 పెడితే కమీషన్ పోగా మళ్లీ ₹349 చేతికొస్తుంది. ఆ అదనపు ₹150లో క్రియేటర్‌కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు. మీరు మాత్రం ఏడాదికి ₹1,800 ఎక్కువ కడతారు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ పాట్రియాన్. ఐఫోన్ యాప్‌లో అమ్మే మెంబర్‌షిప్‌లన్నీ యాపిల్ బిల్లింగ్ ద్వారానే వెళ్లాలని యాపిల్ పట్టుబట్టింది. 2024 నవంబర్ నుంచి యాప్‌లో కొత్తగా చేరే వాళ్ల మీద యాపిల్ 30 శాతం ఫీజు మొదలైంది. అప్పుడు పాట్రియాన్ క్రియేటర్లకి రెండు దారులు ఇచ్చింది. ఐఫోన్ యాప్‌లో మాత్రమే ధర పెంచి ఫీజుని కొనేవాళ్ల మీద వేయడం ఒకటి, ధర అలాగే ఉంచి ఫీజుని తామే భరించడం రెండోది. వెబ్‌లో ధర మారలేదు. పాత మెంబర్ల మీద ఈ ఫీజు పడలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది దృష్టికి రాదు. యాపిల్‌కి చిన్న డెవలపర్ల కోసం ఒక ప్రోగ్రామ్ ఉంది. 2021లో మొదలైంది. ఏడాదికి 10 లక్షల డాలర్లలోపు సంపాదించే డెవలపర్లకి కమీషన్ 15 శాతమే. మరి పాట్రియాన్‌లో 40 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్న ఒక చిన్న క్రియేటర్‌కి 15 శాతం ఎందుకు కాదు? ఎందుకంటే స్టోర్ దృష్టిలో ఆయన డెవలపర్ కాదు. డెవలపర్ పాట్రియాన్. ఆ కంపెనీ మొత్తం ఆదాయం చూసి రేటు పడుతుంది. అంటే గల్లీలో చిన్న కొట్టు నడిపే మనిషికి, ఆ కొట్టు ఉన్న మాల్ టర్నోవర్ చూసి పన్ను వేసినట్టు అన్నమాట.

యాపిల్ మామూలు సబ్‌స్క్రిప్షన్లకి కూడా, ఒక యూజర్ ఏడాది పాటు కొనసాగితే ఆ తర్వాత కమీషన్ 15 శాతానికి తగ్గుతుంది. గూగుల్ ప్లే 2022 జనవరి నుంచి సబ్‌స్క్రిప్షన్లకి మొదటి రోజు నుంచే 15 శాతం చేసింది. కాబట్టి యాప్ ధర, వెబ్ ధర మధ్య తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు తేడాని తామే భరించి ఒకే ధర పెడతాయి. అందుకే కొనే ముందు ఒక్కసారి బ్రౌజర్‌లో ధర చూడటం మించిన పద్ధతి లేదు. ఒక నిమిషం పని.

"మరి యాప్‌లోనే వెబ్‌లో తక్కువ అని రాసేయొచ్చు కదా?" అంటారా? చాలా ఏళ్లు యాపిల్ రూల్స్ దాన్నే అడ్డుకున్నాయి. ఎపిక్ గేమ్స్ వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న అమెరికా కోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత అక్కడి స్టోర్‌లో యాప్‌లు బయటి పేమెంట్ లింకులు చూపించే వీలు వచ్చింది. పాట్రియాన్ వెంటనే తన అమెరికా యాప్‌ని అలా మార్చింది. కానీ ఆ ఆదేశం అమెరికా స్టోర్‌కే. ఇక్కడ మనకి ఆ లింక్ యాప్‌లో కనిపించాలని ఆశ పెట్టుకోవద్దు, మనమే బ్రౌజర్ తెరవాలి.

లాక్ వెనక ఏముంది

క్యాన్సిల్, రిఫండ్ రెండూ ఒకటే అని మావాడు అనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. తేడా అర్థం కావాలంటే లాక్ పోస్ట్ ఎలా తెరుచుకుంటుందో తెలియాలి. నేను పనిలో ఇలాంటి కోడ్ చూస్తుంటాను కాబట్టి సింపుల్‌గా చెప్తాను.

మీరు ఒక సబ్‌స్క్రైబర్ ఓన్లీ పోస్ట్ మీద నొక్కగానే, యాప్ సర్వర్‌ని ఒకటే అడుగుతుంది: ఈ యూజర్‌కి ఈ టియర్ చూసే హక్కు ఇప్పుడు ఉందా? సర్వర్ దగ్గర మీ పేరు మీద ఒక చిన్న రికార్డు ఉంటుంది. మావాడిది మార్చి 5న దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

```
status: active
auto_renew: true
expires_at: 04-05
```

ఇప్పుడు వాడు యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. ఈ మూడు లైన్లలో ఏం మారింది? ఏమీ మారలేదు. ఫోన్‌లో యాప్ పోయింది కానీ రికార్డు ఉన్నది సర్వర్‌లో, బిల్లు ఉన్నది స్టోర్‌లో. ఆ రెండింటికీ మీ హోమ్ స్క్రీన్‌తో సంబంధం లేదు. క్రియేటర్‌ని అన్‌ఫాలో చేసినా అంతే. స్టోర్ ద్వారా కట్టి ఉంటే, ఆ ప్లాట్‌ఫామ్‌లో మీ అకౌంట్ డిలీట్ చేసినా స్టోర్ బిల్లింగ్ దానంతట అది ఆగుతుందని నమ్మడానికి లేదు. అది ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే అప్పుడు డబ్బు కట్ అవుతుంది, చూడటానికి అకౌంట్ కూడా ఉండదు.

క్యాన్సిల్ చేస్తే మారేది రెండో లైన్ ఒక్కటే. `auto_renew` ఫాల్స్ అవుతుంది. స్టేటస్ యాక్టివ్‌గానే ఉంటుంది, గడువు తేదీ దాకా లాక్ పోస్టులన్నీ తెరుచుకుంటాయి. మీరు కట్టిన నెల మీదే. "క్యాన్సిల్ చేశాను కానీ ఇంకా యాక్సెస్ ఉంది, అంటే క్యాన్సిల్ కాలేదేమో" అని కంగారు పడక్కర్లేదు. స్టోర్ సబ్‌స్క్రిప్షన్ పేజీలో ఫలానా తేదీన ముగుస్తుంది అని రాసి ఉంటే పని అయిపోయినట్టే. మళ్లీ రెన్యూ అయ్యే తేదీ రాసి ఉంటే మాత్రం కాలేదు. నేను చూసేది ఆ ఒక్క మాటే.

రిఫండ్ అలా కాదు. డబ్బు వెనక్కి వస్తే స్టేటస్ మారిపోతుంది, హక్కు అప్పటికప్పుడే పోతుంది. లాక్ పోస్ట్ మళ్లీ లాక్ అవుతుంది. క్యాన్సిల్ అంటే ముందుకి కట్టను అని, రిఫండ్ అంటే వెనక్కి ఇచ్చేయండి అని. ఒకటి చేసినంత మాత్రాన రెండోది జరగదు. పైగా, రిఫండ్ మాత్రమే అడిగి రెన్యూవల్ ఆగిందో లేదో చూసుకోని వాళ్లు వచ్చే నెల మళ్లీ అక్కడే నిలబడే ప్రమాదం ఉంది. అందుకే ముందు క్యాన్సిల్, తర్వాత రిఫండ్.

క్యాన్సిల్: ఎక్కడ, ఎప్పుడు

ఎక్కడ అనేది ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది, కట్టిన చోటే. ఐఫోన్‌లో Settings తెరిచి, పైన మీ పేరు మీద నొక్కి, Subscriptions లోకి వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి, Payments & subscriptions, అందులో Subscriptions. వెబ్‌లో కట్టి ఉంటే ఆ ప్లాట్‌ఫామ్ సైట్‌లో మెంబర్‌షిప్ సెట్టింగ్స్. యూట్యూబ్ అయితే `youtube.com/paid_memberships` పేజీలో మీ మెంబర్‌షిప్‌లన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఒక చిన్న జాగ్రత్త: ఫోన్‌లో రెండు మూడు గూగుల్ అకౌంట్లు ఉంటే, కొన్న అకౌంట్‌లోనే సబ్‌స్క్రిప్షన్ కనిపిస్తుంది. లిస్ట్ ఖాళీగా ఉంటే క్యాన్సిల్ అయిపోయిందని అనుకోకండి, అకౌంట్ మార్చి చూడండి.

ఎప్పుడు అనేది ఇంకా ముఖ్యం. మన దేశంలో ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. కార్డుల మీద ఈ పద్ధతి 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. మంచి రూలే. కానీ యాపిల్ ఏం చెప్తుందంటే, ట్రయల్ రెన్యూ కాకూడదనుకుంటే అది ముగియడానికి కనీసం 24 గంటల ముందే క్యాన్సిల్ చేయమంటుంది. ఈ రెండు 24 గంటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంక్ మెసేజ్ చూసి లేచి క్యాన్సిల్ చేద్దాం అనుకుంటే, అప్పటికే ఆలస్యం అయి ఉండొచ్చు. మావాడి ఫోన్‌లో వెతికితే ఆ మెసేజ్‌లు మూడూ ఉన్నాయి, లోన్ ఆఫర్ల మధ్యలో, చదవకుండా.

అందుకే నా పద్ధతి చెప్తాను. ఒక్క నెల కోసమే అనుకుంటే, డబ్బు కట్టిన రోజే ఆటో రెన్యూ ఆపేస్తాను. నెలంతా యాక్సెస్ ఉంటుంది, మర్చిపోయే సమస్య ఉండదు. నచ్చితే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. అయితే ఫ్రీ ట్రయల్‌కి ఇది గుడ్డిగా చేయకండి. కొన్ని ట్రయల్స్‌లో క్యాన్సిల్ నొక్కగానే యాక్సెస్ పోతుంది. నొక్కే ముందు అక్కడ రాసింది చదవండి, అలా పోయేదైతే ముగిసే తేదీకి రెండు రోజుల ముందు రిమైండర్ పెట్టుకోండి.

"ఇవన్నీ ఎందుకు, యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్ తీసేస్తే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. డబ్బు కట్ కాకుండా ఆపడానికి అది పనిచేస్తుంది. ప్లాట్‌ఫామ్ సైట్‌లో కట్టిన సబ్‌స్క్రిప్షన్‌కి చివరి ఆయుధంగా వాడొచ్చు. కానీ అది క్యాన్సిల్ కాదు, పేమెంట్ ఫెయిల్. స్టోర్ దృష్టిలో మీరు ఇంకా సబ్‌స్క్రైబరే, డబ్బు రావట్లేదంతే. యాపిల్ అయితే 60 రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించగలదు. ఈలోపు మీరు వేరే పేమెంట్ పద్ధతి జోడిస్తే పాత బాకీ దాని మీద పడొచ్చు. పైగా స్టోర్‌కి ఇచ్చిన ఒకే మాండేట్ కింద మీ క్లౌడ్ స్టోరేజ్, మ్యూజిక్ కూడా నడుస్తుంటే అవి కూడా ఆగిపోతాయి. కాబట్టి ముందు కౌంటర్‌లో క్యాన్సిల్ చేయండి, మాండేట్ సంగతి తర్వాత.

రిఫండ్: క్రియేటర్ చేతిలో ఏముంది, ఏం లేదు

వెబ్‌లో కట్టి ఉంటే కథ కొంచెం మనుషుల మధ్య నడుస్తుంది. పాట్రియాన్‌లో వెబ్ పేమెంట్‌ని క్రియేటరే తన డాష్‌బోర్డ్ నుంచి వెనక్కి ఇవ్వగలరు. మీరు మర్యాదగా మెసేజ్ పెట్టి, మర్చిపోయాను, ఈ నెల ఏమీ చూడలేదు అంటే చాలామంది ఇచ్చేస్తారు. అదే ఐఫోన్ యాప్‌లో యాపిల్ ద్వారా కట్టి ఉంటే క్రియేటర్‌కి ఆ బటనే ఉండదు. రిఫండ్ ఇవ్వాలా వద్దా అనేది యాపిల్ చేతిలో ఉంటుంది. మావాడి క్రియేటర్ "నా దగ్గర లేదు" అన్నది ఇదే.

యాపిల్‌కి అయితే `reportaproblem.apple.com` లోకి వెళ్లి, రిఫండ్ అని ఎంచుకుని, కారణం ఎంచుకుని, ఆ పేమెంట్‌ని టిక్ చేసి పంపాలి. రెండు రోజుల్లోపు మామూలుగా జవాబు వస్తుంది. గూగుల్ ప్లేలో గీత ఇంకా స్పష్టంగా ఉంటుంది. కొన్న 48 గంటల్లోపు అయితే గూగుల్‌నే అడగొచ్చు. ఆ తర్వాత అయితే యాప్ డెవలపర్‌ని సంప్రదించమంటుంది. ఇక్కడ కూడా డెవలపర్ అంటే ప్లాట్‌ఫామ్, క్రియేటర్ కాదు.

రిఫండ్ వస్తుందా రాదా అనేది గ్యారంటీ లేదు. కానీ ఏది బరువు ఇస్తుందో కొంత చెప్పొచ్చు. ఆలస్యం లేకుండా అడగడం మొదటిది. రెండోది, మీరు కంటెంట్ వాడారా లేదా. యాపిల్ సిస్టమ్‌లో `CONSUMPTION_REQUEST` అనే నోటిఫికేషన్ ఉంది. మీరు రిఫండ్ అడిగాక స్టోర్ యాప్ సర్వర్‌ని అడగగలదు, ఈ యూజర్ ఎంతవరకు వాడుకున్నాడు అని. యాప్ జవాబిస్తే దాన్ని కూడా చూసి నిర్ణయం తీసుకుంటుంది. అంటే మూడేళ్ల పాత పోస్టులన్నీ ఒక్క రాత్రిలో డౌన్‌లోడ్ చేసుకుని, పొద్దున్నే పొరపాటున కొన్నాను అంటే ఆ మాటకి సాక్ష్యం ఎదురుగా ఉంటుంది.

ఇలా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఒక మాట. రిఫండ్ అయిన డబ్బులో క్రియేటర్ వాటా క్రియేటర్ ఖాతాలోంచే వెనక్కి పోతుంది. వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు. 40 మందితో నడిపే ఒక తెలుగు కోడింగ్ క్రియేటర్‌కి నెలలో నలుగురు అలా చేస్తే పదో వంతు ఆదాయం పోయినట్టు. పొరపాటుకి రిఫండ్ అడగండి. సినిమా మొత్తం చూసి టికెట్ డబ్బులు అడగకండి.

మావాడి సంగతికి వస్తే, ఆ రోజే ముందు స్టోర్‌లో క్యాన్సిల్ చేయించాను. తర్వాత మూడు పేమెంట్లకీ రిఫండ్ రిక్వెస్ట్ పెట్టాం, ఉన్నది ఉన్నట్టు రాశాం: యాప్ తీసేస్తే ఆగిపోతుందనుకున్నాను, మార్చి 20 తర్వాత ఏమీ తెరవలేదు. జూన్ పేమెంట్ వెనక్కి వచ్చింది. ఏప్రిల్, మే రాలేదు. ₹998 పోయింది. నిజానికి అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండు నెలలు గడిచిపోయాక అడిగింది మనం. ఆ తర్వాత వాడే క్రియేటర్‌కి సారీ చెప్పాడు.

నేను అడిగేది మూడు లైన్లు

ఇదంతా యూజర్ అజాగ్రత్త అని తోసేయడం తేలిక. కానీ మన ప్రభుత్వమే 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద గైడ్‌లైన్స్ తెచ్చింది. అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. క్యాన్సిల్ దారిని దాచిపెట్టడం, కష్టం చేయడం దాని కిందకి వస్తాయి. స్టోర్‌లలో క్యాన్సిల్ బటన్ దాచలేదు, ఒప్పుకుంటాను. ఒకసారి ఆ పేజీకి చేరితే పని నిమిషంలో అయిపోతుంది. సమస్య ఏంటంటే ఆ పేజీ ఎక్కడుందో కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. దుకాణం ఒకరిది, గల్లా పెట్టె ఇంకొకరిది, బోర్డు మీద మాత్రం మూడో మనిషి ఫొటో.

జాయిన్ బటన్ కింద మూడు లైన్లు చాలు. మీ బిల్లు ఫలానా వాళ్ల దగ్గర ఉంటుంది. క్యాన్సిల్, రిఫండ్ ఇక్కడే. మీరు కట్టే ₹499లో క్రియేటర్‌కి చేరేది ఇంత. మొదటి రెండు లైన్లు ఉంటే మావాడు మూడు నెలలు పోగొట్టుకునేవాడు కాదు. మూడో లైన్ ఉంటే చాలామంది తమంతట తామే బ్రౌజర్ తెరుస్తారు. ఆ లైన్ రాయడానికి ఎవరికీ తొందర లేకపోవడానికి కారణం కూడా బహుశా అదే.

స్టోర్ బిల్లింగ్‌లో మంచి లేదని అనట్లేదు. అన్ని సబ్‌స్క్రిప్షన్లూ ఒక్క లిస్ట్‌లో కనిపిస్తాయి, కార్డు నంబర్ పది సైట్లకి ఇవ్వక్కర్లేదు, క్రియేటర్ మాయమైపోయినా రిఫండ్ అడగడానికి ఒక పెద్ద కంపెనీ ఉంటుంది. కొత్తగా, నమ్మకం లేని ప్లాట్‌ఫామ్ అయితే నేను కూడా స్టోర్ ద్వారానే కడతాను, ఎక్కువైనా సరే. తెలిసిన ప్లాట్‌ఫామ్, ఏడాది పాటు సపోర్ట్ చేయాలనుకున్న క్రియేటర్ అయితే వెబ్‌లోనే. ఆ ₹1,800 నా దగ్గరన్నా ఉండాలి, లేదా ఆ క్రియేటర్ దగ్గరన్నా ఉండాలి.

ఇప్పుడు మీ ఫోన్‌లో Subscriptions లిస్ట్ ఒకసారి తెరవండి. అన్‌ఇన్‌స్టాల్ చేసిన యాప్ ఏదైనా అక్కడ ఇంకా బతికే ఉందేమో చూడండి. నేను ఇది రాసే ముందు నాది చూసుకున్నాను. ఒకటి దొరికింది.